ఆరో నంబరు జతచేయడం లేదు

మా నందిగామ ఆడిటరు ఆఫీసుకు కాగితాలు ఎప్పుడూ ఎరువుల దుకాణం సంచుల్లోనే వస్తాయి. నోటీసు అడుగున ఉంటుంది, పైన కరెంటు బిల్లులు, మధ్యలో ఎవరిదో పెళ్ళి శుభలేఖ. ముప్ఫై ఏళ్ళుగా ఈ సంచులు బోర్లించీ బోర్లించీ నాకు కోపం ముక్కు మీదికొచ్చింది. అందుకని ఇన్‌కం టాక్స్ నోటీసు పట్టుకుని ఎవరొచ్చినా ముందు ఒకటే చెబుతాను. ఏమేం ఇస్తున్నారో నంబర్లు వేసి ఒక కాగితం మీద రాయండి, అది పైన పెట్టి ఇవ్వండి అని. అందరూ తలూపుతారు. తలూపి సంచే ఇచ్చి వెళతారు.

చెప్పింది చెప్పినట్టు చేసిన మనిషి పరిమళ ఒక్కతే. జగ్గయ్యపేట నుంచి మెయిల్ పంపింది. 'సాయిప్రసాద్ గారికి నమస్తే. పెండింగ్‌లో ఉన్న నోటీసు తాలూకు కాగితాలు మీకు అప్పగిస్తున్నాను' అని మొదలుపెట్టి వరసగా రాసింది. ఒకటి, నోటీసులు రెండూ. రెండు, ఆ సంవత్సరం రిటర్ను, దాని రసీదు. మూడు, కంపెనీలు కోసుకున్న పన్ను కనిపించే 26ఏఎస్. నాలుగు, ఏప్రిల్ నుంచి మార్చి దాకా బ్యాంకు స్టేట్‌మెంటు. ఐదు, నేను వేసిన బిల్లులు, విదేశీ కంపెనీ డబ్బుకు బ్యాంకు ఇచ్చిన సర్టిఫికెట్టు. ఏడు, సిమెంటు, ఇనుము కొన్న బిల్లులు. ఎనిమిది, పోర్టల్ పాస్‌వర్డు, ఇది మెయిల్లో పెట్టను, ఫోన్లో చెప్తాను.

ఇంత ముచ్చటగా రాసిన నోట్ మా ఆఫీసు పుట్టినప్పటి నుంచీ రాలేదు. కానీ ఐదుకీ ఏడుకీ మధ్య ఇలా ఉంది: 'ఆరు, కానుకలు పంపినవారి పేర్ల జాబితా. జతచేయడం లేదు. కారణం వచ్చి చెప్తాను.'

నాకు ఒళ్ళు మండింది. ఆ నోటీసుకు కావలసిందే ఆరో నంబరు. మిగతావన్నీ ఆకూ వక్కా.

సంగతి ఏమిటంటే, పరిమళ ఇంట్లో కూర్చుని సొంతంగా పనిచేసుకునే పిల్ల. బెంగళూరు కంపెనీలకూ, ఒక విదేశీ కంపెనీకీ వీడియోల కింద వచ్చే తెలుగు అక్షరాలు రాసిపెడుతుంది. తల్లి లూర్దమ్మ, తండ్రి ఆశీర్వాదం పొలం పనులకు వెళ్ళి ఇద్దరు ఆడపిల్లల్ని చదివించారు. పెద్దది గీతాంజలి వత్సవాయి మండలంలో సర్కారు బడి టీచరు. చిన్నది ఇది. చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుంటే ఇరుగుపొరుగు వాళ్ళు 'లూర్దమ్మ చిన్నకూతురు సినిమాలు చూసి సంపాదిస్తుందంట' అని నవ్వేవాళ్ళు. ఆ నవ్విన వాళ్ళే, కాలనీలో కంప్యూటర్ తెలిసిన మనిషి కావలసి వస్తే, దాని గుమ్మం ముందే నిలబడేవాళ్ళు.

చర్చి కూడా అలాగే నిలబడింది. వాళ్ళ కాలనీ చర్చికి బ్యాంకు ఖాతా లేదు, పాన్ లేదు. ఎప్పుడో చేసిన సొసైటీ రిజిస్ట్రేషను రెన్యువల్ లేక మూలపడింది. ఇంతలో ఫోన్లలో డబ్బులు పంపడం వచ్చి జనం జేబుల్లో నోట్లు మాయమయ్యాయి. కానుకల సంచి ఖాళీగా తిరిగి వస్తోంది. పాస్టరు శాంతికుమార్ గారు ఆలోచించి, నమ్మకమైన మనిషని పరిమళ క్యూఆర్ కోడ్‌ను లామినేషన్ చేయించి కానుకల పెట్టెకు అంటించారు. ఆదివారం జనం స్కాన్ చేస్తారు, సోమవారం ఆమె నగదు తీసి చర్చికి ఇస్తుంది. స్లాబ్ వేసేటప్పుడైతే సిమెంటు కొట్టుకు తన ఖాతాలోంచే కట్టేసింది.

ఆ ఏడాది కోతపండుగ మరీ ఘనంగా జరిగిందట. పంటలో తొలిభాగం తెచ్చి దేవుడి ముందు పెట్టి వేలం వేస్తారు. సొరకాయ పాడుకున్నవాడు దాన్ని ఇంటికి తీసుకుపోడు, మళ్ళీ చర్చికే ఇచ్చేస్తాడు. అది మళ్ళీ వేలానికి వస్తుంది. అలా ఒక్క సొరకాయే వేలల్లో పలికింది. ఆ వేలన్నీ పరిమళ ఫోన్లో టింగు టింగుమని పడ్డాయి. ఆ రోజు ఆమెకది సంబరం. టాక్స్ వాళ్ళకు మాత్రం, తక్కువ ఆదాయం చూపిన పిల్ల ఖాతాలో అంతకు రెట్టింపు జమలు.

ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు నోటీసు ఆమె మీద పడింది. ఫలానా జమలు ఎవరివి, ఎందుకు వచ్చాయి, రుజువులతో చెప్పండి అని. చెప్పలేకపోతే వివరణ లేని సొమ్ము అంటారు. దాని మీద పన్ను సర్‌ఛార్జీ, సెస్సుతో కలిపి నూటికి డెబ్భై ఎనిమిది. అసలు డబ్బేమో స్లాబ్ అయి చర్చి నెత్తిన కూర్చుంది. పన్ను మాత్రం ఈ పిల్ల తన కష్టంలోంచి తెచ్చి కట్టాలి. మొదటిసారి గడువు అడిగాం, ఇచ్చారు. ఇక ఇవ్వరు.

అలాంటి సమయంలో ఆరో నంబరు లేదంటుందా!

మర్నాడు వచ్చింది. సన్నగా, కాటన్ చుడీదార్‌లో, నిద్రలేని కళ్ళతో. కూర్చోమనకుండానే మొదలుపెట్టాను.

"ఏమ్మా, హాస్యంగా ఉందా? పేర్లు ఇవ్వకపోతే డబ్బంతా నీదే అంటారు."

"తెలుసండి."

"తెలిసే ఇలా రాశావా?"

"మా అక్క పేరుందండి అందులో" అంది. "నెలనెలా జీతంలో దశమభాగం నా ఫోన్‌కే పంపుద్ది. అక్కొక్కతే కాదు, ఇంకో నలుగురు ఉద్యోగస్తులున్నారు."

నాకు అర్థమైంది. ఈ ప్రాంతంలో పుట్టినవాడికి ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. ఎవరూ పైకి అనరు కూడా. గీతాంజలి ఉద్యోగం ఎస్సీ కోటాలో వచ్చింది. సర్టిఫికెట్‌లో హిందూ అని ఉంటుంది. క్రైస్తవంలోకి మారినవాళ్ళకు ఆ సర్టిఫికెట్ వర్తించదు, బీసీ-సీ అవుతారు. కాబట్టి ఆదివారం ఒక మనిషి, సోమవారం ఒక మనిషి. పుల్లలు పెట్టేవాడెవడైనా కాగితం పట్టుకుని ఫిర్యాదు చేస్తే విచారణ, సర్టిఫికెట్ రద్దు, ఆ తరవాత ఉద్యోగం. చట్టం అలా ఉంది. నన్నడిగితే మాత్రం, వాళ్ళ తాతల్ని మా తాతల బావి దగ్గరికి రానివ్వనప్పుడు ఎవరూ మతం అడగలేదు, కులమే అడిగారు. మా ఇంటి సంగతి కనుక నాకు తెలుసు.

"బ్యాంకు స్టేట్‌మెంటులో పేర్లు ఎటూ ఉన్నాయిగా?" అన్నాను.

"ఊరికే పేర్లున్నాయండి. ఎందుకు పంపారో లేదు. అక్క చెల్లెలికి పంపినట్టే ఉంటది. పాస్టర్ గారి లెటర్ పెట్టి, ఈ జాబితా పెడితే, వీళ్ళందరూ చర్చికి దశమభాగం ఇచ్చేవాళ్ళని మనమే గవర్నమెంటుకి రాసిచ్చినట్టు."

పిల్ల బాగానే ఆలోచించింది. ఒకరి టాక్స్ ఫైలు ఇంకొకరికి ఇవ్వకూడదని చట్టంలో ఉందనీ, భయపడొద్దనీ చెప్పాను. కానీ ఇంకో మాట దాచలేకపోయాను. అధికారికి అనుమానం వస్తే జాబితాలోని వాళ్ళకు నేరుగా లేఖ రాసి, ఈ డబ్బు మీరే పంపారా, దేనికి అని అడగవచ్చు.

"ఆ లెటర్ ఎక్కడికొస్తది సార్?"

"వాళ్ళిచ్చిన అడ్రసుకి. ఈమెయిల్‌కి."

"అక్క బడి అడ్రసే ఇచ్చింది పాన్‌కి" అంది.

ఆమె అడకత్తెరలో పోకచెక్క, నేను దాని పక్కన వక్కపలుకు. నాకేమిటి, ఇచ్చిన కాగితాలు పోర్టల్లో ఎక్కించి ఫీజు తీసుకోవచ్చు. మనసొప్పలేదు. ఆదివారం జగ్గయ్యపేట వెళ్ళాను.

ఆరాధన అయిపోయాక పాస్టరు గారు నన్ను ముందుకు పిలిచి, "వీరు మన పరిమళమ్మ పనిమీద వచ్చారు, వినండి" అన్నారు. నేను వేదికలెక్కి మాట్లాడేవాణ్ణి కాను. చాపల మీద కూర్చున్నవాళ్ళను చూసి గొంతు సవరించుకుని, ఉన్నదున్నట్టు చెప్పాను. మీరు పంపిన డబ్బు ఈ అమ్మాయి సంపాదన అంటున్నారు. మీది అని మీరు రాసి సంతకం పెట్టి, ఆధార్ కాపీ ఇస్తే ఆమె బయటపడుతుంది. పెట్టకపోతే పన్ను ఆమె నెత్తిన పడుతుంది. ఇంతే.

స్కాన్ చేసేటప్పుడు ఉన్న సందడి లేదు. ముందు వరుసలో ఉద్యోగస్తుల ఇస్త్రీ చొక్కాలు నేల చూపులు చూస్తున్నాయి. ఆడవాళ్ళ వైపు మూడో వరుసలో నీలం చీర కట్టుకున్నామె బైబిలు గుండెలకు అదుముకుని కూర్చుంది. ముఖం చూస్తే పరిమళ పోలికే. ఎవరో నాకు చెప్పనక్కర్లేకపోయింది.

కాసేపటికి వెనకనుంచి ఒక ముసలామె లేచింది. దేవమణి అట, మిరపకోతలకు వెళుతుంది.

"నా పేరు రాసుకో బాబూ. నాకేం ఉజ్జోగముందని పీకుతారు? మిరపకాయలు కోసే పని ఎవుడు తీసేత్తాడు?"

నవ్వులు పుట్టాయి. ఆ నవ్వుతో వెనక వరుసలు కదిలాయి. కూలికి వెళ్ళే ఆడవాళ్ళు, మేస్త్రీలు, ఆటో నడిపేవాళ్ళు వచ్చి వరస కట్టారు. "ఆ సొరకాయ రెండోసారి పాడింది నేనేనయ్యా, అది కూడా రాయి" అని ఒకడు. ఒకామె సంతకం పెట్టబోయి ఆగిపోయింది. కొడుకు ఇంజినీరింగ్ చదువుతున్నాడు, ఎస్సీ ఫీజు వస్తోంది. "తప్పయిపోయిందమ్మా, నన్ను వదిలెయ్" అని పరిమళ గడ్డం పట్టుకుంది. పరిమళ ఆమె చెయ్యి తీసి కళ్ళకద్దుకుంది. ఇస్త్రీ చొక్కాల్లో ఒక్కటీ లేవలేదు. నీలం చీర కూడా లేవలేదు.

అప్పుడు నాకు గీతాంజలి మీద వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. చెల్లెలు మునిగిపోతోంటే బైబిలు పట్టుకుని కూర్చుంటావా అనిపించింది. మనసులో అన్నాను కాబట్టి సరిపోయింది.

గడువుకు ముందు రోజు అక్కచెల్లెళ్ళిద్దరూ నందిగామ వచ్చారు. గీతాంజలి బడికి సెలవు పెట్టి వచ్చింది. కుర్చీ అంచున కూర్చుని, నా వైపు కాక నా టేబుల్ మీది పేపర్‌వెయిట్ వైపు చూస్తూ అడిగింది.

"సార్, అక్క చెల్లెలికి డబ్బులిస్తే టాక్స్ ఉండదంట కదండి?"

"ఉండదమ్మా. తోబుట్టువులు ఇచ్చిన దాని మీద పన్ను లేదు."

"అయితే నేను పంపినవి చెల్లికి నేనిచ్చానని రాసిస్తానండి. చర్చి మాట లేకుండా."

అది రాస్తే ఆమె భాగం వరకు పన్ను తప్పుతుంది. రాసేది నిజం కాదని చెప్పాల్సినవాణ్ణి నేను. నోరు తెరిచేలోగా పరిమళ అంది.

"వద్దక్కా."

"ఎందుకే? నీ కోసమేగా!"

"నాకిచ్చావని నేను రాయను. అది దేవుడికని ఇచ్చావు. ఉపవాసముండి ఇచ్చిన నెలలున్నాయి. ఇప్పుడు నాకిచ్చినట్టు రాస్తే, దేవుడిది నేను తిన్నట్టే."

"మరి నా పేరు ఇస్తావా?"

"అదీ ఇవ్వను."

"అట్టా ఎట్టా కుదురుద్దే! ఏదో ఒకటి రాయాలిగా!" గీతాంజలి గొంతు పైకి లేచింది. పక్కగదిలో టైపు చప్పుడు ఆగిపోయింది. "నువ్వు నన్ను చంపుతున్నావు పరిమళా. ఆదివారం నుంచి నాకు ముద్ద దిగట్లేదు. ఇంట్లో ఆయనకి పని లేదు. నా జీతం మీద ఏడుగురు బతుకుతున్నారు. నేనేం చెయ్యను చెప్పు!"

"నువ్వేం చెయ్యొద్దక్కా. నేనేమన్నా అడిగానా?"

అదే గీతాంజలికి తగలరాని చోట తగిలింది. లేచి బ్యాగు తెరిచింది. ఆధార్ కార్డు తీసి టేబుల్ మీద పెట్టింది. నేను కార్డు అందుకోలేదు, పరిమళ ముట్టుకోలేదు. కాసేపు చూసి గీతాంజలే మళ్ళీ బ్యాగులో వేసుకుంది. కళ్ళు తుడుచుకోకుండానే మెట్లు దిగిపోయింది.

పరిమళ మా ఆఫీసు కంప్యూటర్ మీదే కొత్త నోట్ రాసింది. పాతదానిలాగే పొందికగా. 'ఆరు, కానుకలు పంపినవారిలో సంతకం పెట్టిన వారి జాబితా, వారి లేఖలు, ఆధార్ కాపీలు, మొత్తం చర్చికి చేరిందని పాస్టరు గారి లేఖ. జతచేశాను. ఆరు-ఎ, మిగిలిన జమలు. ఇవి పంపినవారి వివరాలు నేను ఇవ్వడం లేదు. వీటి మీద పన్ను పడితే నేను కడతాను.'

"ఆరు-ఎ ఇలా రాస్తే నోరు కుట్టేసుకున్నట్టే తల్లీ. రేపు అప్పీలుకు వెళ్ళినా పేర్లే అడుగుతారు" అన్నాను.

"అప్పీలు వద్దు సార్. ఎక్కించెయ్యండి."

ఎక్కించాను. మా వంతుగా సిమెంటు బిల్లులు, నగదు తీసిన తేదీలు చూపించి డబ్బు ఆమె దగ్గర నిలవలేదని గట్టిగానే వాదించాం. కానీ అధికారి అడిగింది ఎటు పోయిందని కాదు, ఎవరిచ్చారని. సంతకాలున్న వరకు ఒప్పుకున్నారు. దేవమణి పేరు మీద, సొరకాయ వాడి పేరు మీద ఒక్క ప్రశ్నా రాలేదు. ఎవరికీ లేఖ రాయలేదు. మిగిలింది వివరణ లేని సొమ్ముగా కలిపి, పన్నూ వడ్డీ వేసి డిమాండ్ పంపారు. కూలి జనం ఇచ్చినవి చిన్న మొత్తాలు కనుక, మిగిలినదే పెద్దది. పెనాల్టీ నోటీసు వేరే వస్తుందని కూడా చెప్పాను. పరిమళ సరేనంది. కొత్త కంప్యూటర్ కొనుక్కోవాలని దాచుకున్నది తీస్తాననీ, చాలనిది వాయిదాలు అడగమనీ అంది.

నేను వాయిదాల దరఖాస్తు రాస్తుండగా గీతాంజలి వచ్చింది, ఒక్కతే. ముందు నేను కూర్చోమనలేదు, మనసులో ఆ కోపం ఇంకా ఉంది.

"ఎంత కట్టాలండి, మొత్తం?" అంది.

చెప్పాను. బ్యాగులోంచి ఫోన్ తీసింది. "బ్యాంకులో లోను పడిందండి ఇవాళ. నా ఖాతాలోంచి కట్టొచ్చా చెల్లి టాక్సు?"

"కట్టొచ్చు. ఎవరైనా కట్టొచ్చు. చలానా మాత్రం పరిమళ పాన్ మీద, పరిమళ పేరుతో వస్తుంది."

"అదే కావాలండి" అంది.

"మీ ఒక్కరి భాగమా?"

"మొత్తమండి. మిగతావాళ్ళని నేనెట్టా అడుగుతాను? నేనే కూర్చుండిపోయా కదా ఆ రోజు."

నా కంప్యూటర్ మీదే కట్టింది. పాస్‌వర్డు కొట్టేటప్పుడు నేను మొహం తిప్పుకున్నాను. సగం మర్యాదకు, సగం నా కళ్ళు కనపడకుండా. లోను దేనికని రాశారమ్మా అని అడిగితే, ఇంటి రిపేరని రాశానంది. చలానా ప్రింటు తీసి ఇవ్వబోతే, తనకొద్దు, చెల్లికే ఇవ్వమంది. ఎవరు కట్టారో చెప్పొద్దని కూడా అంది. సరేనన్నాను.

ఆ మాట నిలబెట్టుకోలేకపోయాను. పరిమళ వచ్చి చలానా చూసి, "ఎవరు కట్టారు సార్?" అని అడిగితే నేను ఫైళ్ళు సర్దుకోవడం మొదలుపెట్టాను. నాకు అబద్ధం రాయడమూ రాదు, చెప్పడమూ రాదు. ఆమె ఇంకోసారి అడగలేదు. కాగితం మీద పేరు ఉండే చోట వేలు పెట్టి చాలాసేపు కూర్చుంది. అక్కడున్నది తన పేరే.

"దేవుడికిచ్చింది నా పేరు మీదే ఇచ్చింది. ఇప్పుడు నాకిచ్చిందీ నా పేరు మీదే ఇచ్చింది" అంది. "మా అక్క పేరు ఎక్కడా ఉండదు సార్."

చెప్పి, అంతవరకు నోటీసుకూ, డిమాండ్‌కూ, దేనికీ ఏడవని పిల్ల, బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. నేను లేచి తలుపు దగ్గరగా వేసి, ఫ్యాను పెంచి, ఆమె ఏడుపు అయ్యేదాకా బయట వరండాలో నిలబడ్డాను.